దసరా తర్వాత ఏం మారింది?

"నాకు 26 ఏళ్లు. మాది తెనాలి. హైదరాబాద్‌లో ఉద్యోగం, అమీర్‌పేటలో హాస్టల్. పెద్దలు చూసిన సంబంధం. అబ్బాయిదీ ఇక్కడే ఉద్యోగం, మియాపూర్‌లో ఉంటారు. శ్రావణంలో నిశ్చితార్థం అయింది, మార్గశిరంలో పెళ్లి, ఇంకా 33 రోజులుంది. దసరా దాకా రోజూ రాత్రి గంటసేపు ఫోన్ చేసేవారు. దసరా సెలవుల్లో రెండు కుటుంబాలూ కూర్చుని పెళ్లి పనులు మాట్లాడుకున్నాయి. ఆ తర్వాత నాలుగైదు రోజులకే తను పూర్తిగా మారిపోయారు. 'బిజీ', 'సరే', 'తర్వాత చేస్తా', అంతే. ఒక రాత్రి 'మనం తొందరపడుతున్నామేమో కదా' అని మెసేజ్ పెట్టారు. నేను 'అదేం లేదులెండి' అని నవ్వు బొమ్మ పెట్టాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. చీరలు కొనడానికి వాళ్ల అమ్మగారు వచ్చారు, బాగానే మాట్లాడారు. తను రాలేదు. మా అమ్మ 'ఏమీ అడగకు, పెళ్లయ్యాక అన్నీ సర్దుకుంటాయి' అంటోంది. నాకు నిద్ర పట్టడం లేదు. రాత్రి రెండింటికి లేచి తను ఆన్‌లైన్‌లో ఉన్నారేమో చూస్తున్నాను. నేనంటే ఇష్టం లేదా? ఇంకెవరైనా ఉన్నారా? నిజం చెప్పాలంటే ఈ మధ్య నాకూ ఏదోలా ఉంది. ఏం చేయమంటారు?"

ఆ మెసేజ్‌ని ఒకసారి మళ్లీ తీసి చదవండి. ఉన్నవి మూడే మాటలు. ఆ మూడింటిలోనూ ఎంత జాగ్రత్తపడ్డాడో చూడండి. 'నేను' అనలేదు, 'మనం' అన్నాడు. 'తొందరపడుతున్నాం' అని తేల్చేయలేదు, 'ఏమో' తగిలించాడు. చివర్న 'కదా' అని ఆగాడు. మన భాషలో 'కదా' అన్నామంటే అవతలి మనిషి నుంచి ఒక మాట కోసం ఎదురుచూస్తున్నామని. పెళ్లి వద్దని తేల్చుకున్నవాడు ఇలా రాయడు. ఏ బెంగా లేనివాడూ ఇలా రాయడు. మనసులో ఏదో నలుగుతోంది, అది మీతో చెప్పొచ్చో లేదో తెలియక తలుపు కాస్త తోసి చూశాడు.

మీరు నవ్వుతూనే ఆ తలుపు మూసేశారు. తప్పు పట్టడం లేదు. పెళ్లి నెలన్నర దూరంలో ఉన్నప్పుడు అలాంటి మాట వస్తే గుండె జారి, ఎవరైనా 'అదేం లేదులెండి' అనే అంటారు. కానీ అతని వైపు నుంచి చూడండి. ఈ అమ్మాయికి ఏ సందేహమూ లేదు, నాకే ఉంది, ఇక ఈ మాట ఎత్తకూడదు అనుకుని ఉండొచ్చు. ఆ తర్వాత ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలి? మనసులో ఉన్నది చెప్పకూడదు, లేనిది నటించలేడు. 'బిజీ' అనేయడం తేలిక.

ఇది నా ఊహే. అవునో కాదో తేల్చుకునే దారి చెప్తాను. దానికి ముందు ఇంకో సంగతి. దసరా ముందు రోజూ వచ్చిన ఆ గంట ఫోన్‌ను కొలబద్దగా పెట్టుకోకండి. పెద్దలు చూసిన సంబంధాల్లో నిశ్చితార్థం తర్వాతి రెండు నెలలు ఒక వింత కాలం. ఇద్దరు కొత్త మనుషులు రోజూ రాత్రి తమలోని మంచినంతా ఏరి చూపించుకుంటారు. చిన్నప్పటి బడి, ఇష్టమైన కూర, ఆఫీసులో మేనేజర్ గొడవ, ఇలా చెప్పుకోవడానికి ఓ అరవై రోజుల సరుకు ఉంటుంది. తర్వాత అది అయిపోతుంది. అప్పుడు కొందరు మామూలుగా పది నిమిషాలు మాట్లాడి పెట్టేస్తారు. అవతలివాళ్లకు అది చల్లబడినట్టు కనిపిస్తుంది. గంట పది నిమిషాలైందంటే నేను పట్టించుకోను. మీ విషయంలో నన్ను ఆపింది ఆ నిమిషాల లెక్క కాదు, తేదీ. మెల్లగా తగ్గితే సరుకు అయిపోయినట్టు. ఒక్కసారిగా, ఒక వారంలో తెగిపోయిందంటే ఆ వారంలో ఏదో జరిగినట్టు.

కాబట్టి ముందు ఆ వారం సంగతి చూద్దాం.

దసరా సెలవుల్లో పెద్దవాళ్లు కూర్చుని ఏం మాట్లాడుకున్నారో మీకు తెలుసా? తెలియదనే అనుకుంటున్నాను, ఎందుకంటే ఉత్తరంలో 'పెళ్లి పనులు' అని ఒక్క మాటతో వదిలేశారు. పెళ్లికి ఏడెనిమిది వారాల ముందు జరిగే ఆ కూర్చోవడంలో చీరల రంగులు మాట్లాడుకోరు. హాలు ఖర్చు ఎవరిది, మగపెళ్లివారి వైపు నుంచి ఎంతమంది వస్తారు, వాళ్ల విడిది ఎక్కడ, లాంఛనాలు ఏమిటి, ఆడపడుచు లాంఛనం ఎంత, రిసెప్షన్ ఎవరి ఊళ్లో, ఇవన్నీ అప్పుడే తేలతాయి. తేలకపోతే తగువులూ అప్పుడే మొదలవుతాయి. పెళ్లికూతురికి, పెళ్లికొడుక్కి ఆ గదిలో చోటుండదు. తర్వాత ఎవరి ఇంట్లో వాళ్లకు సగం సగం కథ చేరుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి కథ చెప్తాను. ఊళ్లు, ఉద్యోగాలు మార్చాను. ఆమెకూ సరిగ్గా ఇలాగే జరిగింది. అబ్బాయి ఉన్నట్టుండి మాట తగ్గించేశాడు. ఆమె ఇంకెవరో ఉన్నారనుకుంది, ఆ అమ్మాయి పేరేంటో కూడా ఊహించేసుకుంది, పాపం. వాళ్ల నాన్నను కూర్చోబెట్టి అడిగితే రెండు రోజులు నసిగి చెప్పాడు. ఒప్పుకున్న లాంఛనాలు కాక, అబ్బాయి తండ్రి కారు సంగతి ఎత్తాడట. ఈయన నెల గడువు అడిగాడు. కూతురికి చెప్తే బాధపడుతుందని చెప్పలేదు. అటు అబ్బాయికి ఈ సంగతి అక్క ద్వారా తెలిసింది. తండ్రిని ఎదిరించే ధైర్యం లేదు. ఈ అమ్మాయితో నవ్వుతూ మాట్లాడుతుంటే తనూ అందులో భాగస్వామినే అనిపించేది. అందుకే ఫోన్ ఎత్తడం మానేశాడు. అతని మౌనానికి కారణం అయిష్టం కాదు, సిగ్గు.

అదే గది నుంచి, అదే కారు గురించి, దీనికి పూర్తిగా విరుద్ధమైన మౌనం కూడా రావచ్చు. 'మా నాన్న అంత ఇదిగా అడిగితే వాళ్లు లెక్కచేయలేదు' అని అబ్బాయి అలగడం. ఫోన్‌లో ఈ రెండూ ఒకేలా ఉంటాయి, 'బిజీ' అని. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, సిగ్గుపడుతున్నవాడు మీతో మాట్లాడకపోయినా 'మీ నాన్నగారు ఎలా ఉన్నారు' అని అడుగుతాడు, పెళ్లి డబ్బు మాట వస్తే తడబడతాడు. అలిగినవాడి మాటల్లో 'మీవాళ్లు' అనే మాట ఎక్కువవుతుంది. 'మీవాళ్లు ముందే చెప్పాల్సింది', 'మీవాళ్ల పద్ధతే అంత' ఇలా. గత మూడు వారాల్లో అతను మాట్లాడిన కాస్తలో ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో గుర్తుచేసుకోండి.

మొదటి రకం అయితే మీరిద్దరూ కలిసి దాన్ని దాటగలరు. నేను చెప్పిన అమ్మాయి దాటింది. అబ్బాయే నోరు తెరిచి వాళ్ల నాన్నతో కారు వద్దన్నాడు. ఇంట్లో పది రోజులు మాటల్లేవు, తర్వాత పెళ్లయింది. రెండో రకం అయితే మాత్రం నేను మెత్తగా చెప్పలేను. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం అడగడమే నేరం, పెళ్లికి ముందు అడిగినా సరే. కానీ చట్టం మాట పక్కన పెట్టినా, పెళ్లికి ముందే డబ్బు కోసం మీతో మాట మానేసినవాడికి ఆ అస్త్రం పనిచేస్తుందని అర్థమైపోతుంది. పెళ్లయ్యాకా దాన్నే తీస్తాడు.

అందుకే ఇవాళ రాత్రి మీరు చేయాల్సిన ఫోన్ అతనికి కాదు, మీ నాన్నగారికి. "నాన్నా, దసరాకు కూర్చున్నప్పుడు మనం ఒప్పుకోలేనిది ఏమైనా అడిగారా? నాకు తెలియాలి, నేను గొడవ చేయను" అని అడగండి. ఫోన్‌లో నసిగితే శనివారం ఊరెళ్లి రండి. డబ్బు మాటేమీ లేదని తేలితే అదీ ఒక సమాచారమే. అప్పుడు కారణం అబ్బాయి వైపే ఉందని తెలుస్తుంది. అది ఉద్యోగం కావచ్చు. ఈ కాలపు హైదరాబాద్‌లో ఇది చాలా మామూలు. టీమ్‌లో సగం మందిని తీసేశారనో, నోటీసు ఇచ్చారనో పెళ్లికూతురికి చెప్పలేక దాచుకునే అబ్బాయిలను నేను చూశాను. 'సంబంధం చూసినప్పుడు చెప్పిన జీతం ఇప్పుడు లేదు' అనే మాట వాళ్ల గొంతులో ఇరుక్కుంటుంది. అప్పు కావచ్చు, ఒంట్లో ఏదైనా బాధ కావచ్చు. ఇంట్లో బలవంతం మీద ఒప్పుకుని ఇప్పుడు ఊపిరాడకపోవడం కావచ్చు.

ఇంకెవరైనా ఉన్నారా అని కూడా అడిగారు. ఉండకపోవచ్చు. ఉంటే మాత్రం దానికి ఒక గుర్తు ఉంటుంది. మన ఇళ్లలో అబ్బాయి నేరుగా 'వద్దు' అంటే తండ్రి పరువు, తల్లి ఏడుపు, మధ్యవర్తి మాట, అన్నీ అతని మీద పడతాయి. అందుకని కొందరు అమ్మాయి చేత కాదనిపించుకోవాలని చూస్తారు. ఉన్నట్టుండి మీ వంటలో, డ్రెస్సులో, ఉద్యోగంలో లోపాలు కనిపిస్తాయి. 'నాతో నువ్వు సుఖపడవు', 'నీకు నాకంటే మంచివాడు దొరుకుతాడు' అనే మాటలు వస్తాయి. చిన్నదానికి గొడవ పెట్టుకుని నాలుగు రోజులు మాయమవుతాడు. చివరికి ఒక రోజు 'నువ్వే మీ ఇంట్లో చెప్పొచ్చు కదా' అంటాడు. మీ ఉత్తరంలో ఇవేవీ లేవు. మూగగా ఉన్నాడు తప్ప మిమ్మల్ని తోసేయడం లేదు. ఈ రెండింటికీ చాలా దూరం ఉంది.

రాత్రి రెండింటికి ఆన్‌లైన్ చూడటం మాత్రం ఇవాళే ఆపండి. పచ్చ చుక్క కనిపిస్తే అతను మేలుకుని ఉన్నాడని తెలుస్తుంది, అంతే. క్రికెట్ చూస్తున్నాడో, ఉద్యోగాలు వెతుక్కుంటున్నాడో, మీ పాత మెసేజ్‌లే చదువుకుంటున్నాడో అది చెప్పదు. మీరు మాత్రం మూడో మనిషిని కల్పించుకుంటారు. చూడాలనుంటే చూడాల్సినవి వేరే ఉన్నాయి. పెళ్లికి ఆఫీసులో లీవు పెట్టాడా? తన స్నేహితులకు ఎన్ని కార్డులు కావాలో వాళ్ల అమ్మకు చెప్పాడా? పెళ్లయ్యాక ఉండబోయే ఇంటి సంగతి ఏం చేశాడు? బట్టల కొలతలు ఇచ్చాడా? మాటలు తగ్గినా ఈ పనులు నడుస్తుంటే, అతను భయపడుతూనే మీ వైపు నడుస్తున్నాడని నేను అనుకుంటాను. మీతో ముభావంగా ఉంటూ, ఇవన్నీ కూడా ఏదో ఒక సాకుతో వాయిదా వేస్తుంటే అప్పుడు నాకు అనుమానం వస్తుంది. వీటిని నిఘా పెట్టి కనుక్కోనక్కర్లేదు. లీవు ఎన్ని రోజులు దొరికింది అని మామూలుగా అడిగితే చాలు.

ఇక అసలు పని. ఈ ఆదివారం అతన్ని కలవండి.

దానికోసం పెట్టే మెసేజ్ చిన్నదిగా ఉండాలి. 'మనం మాట్లాడుకోవాలి' అని మాత్రం పెట్టకండి. ఆ మాట చూస్తే ఎవరికైనా కడుపులో తిప్పుతుంది, ఆదివారం దాకా ఇద్దరూ నలిగిపోతారు. 'ఆదివారం పొద్దున్నే కేబీఆర్ పార్కులో ఒక గంట నడుద్దామా? పెళ్లి పనుల గురించి కాదు, ఊరికే' అంటే సరిపోతుంది. పార్కు ఎందుకంటే, పక్కపక్కన నడుస్తూ మాట్లాడేటప్పుడు మొహాలు చూసుకోనక్కర్లేదు. హోటల్లో ఎదురెదురుగా కూర్చుంటే ఇంటర్వ్యూ అయిపోతుంది, మధ్యలో సర్వర్ వస్తాడు. పొద్దున పూట నడకకు వచ్చే పెద్దవాళ్లు చుట్టూ ఉంటారు కాబట్టి ఎవరూ అదోలా చూడరు. ఈ మాటలు రాత్రిపూట ఫోన్‌లో వద్దు. ఫోన్‌లో మౌనం వస్తే సిగ్నల్ పోయిందేమో అనుకుని 'హలో హలో' అంటాం. ఎదుట ఉంటే ఆ మౌనంలో ఏముందో కనిపిస్తుంది.

పది నిమిషాలు మామూలు మాటలు అయ్యాక, ఆ మెసేజ్ దగ్గరికే వెళ్లండి. ఇలా అనొచ్చు: "ఆ రోజు మీరు తొందరపడుతున్నామేమో అన్నారు. నేను నవ్వేశాను. నిజానికి భయమేసి నవ్వాను. అలా ఎందుకనిపించిందో ఇప్పుడు చెప్పండి, వింటాను." అక్కడితో ఆగండి. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టుకోండి. ఇదే కష్టం. మనకు మౌనం భరించే అలవాటు లేదు, మూడు అంకెలు దాటేలోపు 'అంటే నా ఉద్దేశం అది కాదు' అంటూ మనమే పూరించేస్తాం. పూరించకండి.

'నేనంటే ఇష్టమేనా' అని అడగకండి. ఆ ప్రశ్నకు మన అబ్బాయిలు ఎవరైనా 'అవును' అనే అంటారు, మర్యాదకైనా. దాంతో మీకు తెలిసేది ఏమీ లేదు. దాని బదులు ఇది అడగండి: "మీ ఇంట్లో, మా ఇంట్లో ఎవరూ ఏమీ అనుకోరనుకోండి. అప్పుడు మీరు ఏం చేస్తారు? ఇదే తేదీకి చేసుకుంటారా, కొన్నాళ్లు ఆగుదామంటారా, వద్దంటారా? మూడింటిలో ఏది చెప్పినా నేను ఇక్కడ అరవను." మూడో దారి మీ నోటితోనే చెప్పారు కాబట్టి, అతను అబద్ధం ఆడాల్సిన అవసరం సగం తగ్గుతుంది. ఒకవేళ అతను ఆ మూడోదే ఎంచుకుంటే అది ఆ రోజు మీకు చావుదెబ్బలా ఉంటుంది, తెలుసు. పీటల మీద కూర్చున్నాక, లేదా ఏడాది తర్వాత తెలిసేదానికంటే చిన్న దెబ్బ. ఒక షరతు మాత్రం అక్కడే పెట్టండి: "కాదన్నది మీరు. మీ ఇంట్లో మీరే చెప్పాలి. ఆ మాట నా మీద వేయకూడదు." దీనికి ఒప్పుకోవడానికి జంకితే జంకనివ్వండి, ఒప్పుకునేదాకా ఆ మాట మీరు మాత్రం మీ మీద వేసుకోకండి.

చాలామటుకు జవాబు అంత తెగేసి ఉండదు. రెండు రకాలుగా రావచ్చు. ఒకటి, పట్టుకోవడానికి వీలైన కారణం: డబ్బు, ఉద్యోగం, వాళ్ల అమ్మ తమతో ఉండటం, మీ ఉద్యోగం, ఏదో ఒకటి. దాన్ని అక్కడే తేల్చేయాలనుకోకండి. 'ఇది చెప్పినందుకు మంచిదైంది, రెండు రోజులు ఆలోచిస్తాను' అని వచ్చేయండి. రెండోది, పేరు లేని భయం. 'ఏమో, అంతా ఒక్కసారిగా మీద పడినట్టుంది. మీ గురించి కాదు' అంటాడు. మగవాళ్లకు ఈ భయం వస్తుందని మన ఇళ్లలో ఎవరూ ఒప్పుకోరు, పెళ్లికొడుకు నవ్వుతూ తిరగాలంతే. ఇలాంటప్పుడు ఒక పది రోజులు గమనించండి. గంటల ఫోన్లు రానక్కర్లేదు. తనంతట తను ఒక్కసారి ఫోన్ చేశాడా, ఇల్లు చూద్దామా అన్నాడా, మాట ఇచ్చిన చిన్న పని చేశాడా, అది చాలు. మాట్లాడాక కాస్త తేలికపడినవాడు తిరిగి వస్తాడు. పది రోజులు గడిచినా అదే గోడ ఉంటే, లేదా ఆ ఆదివారమే 'నువ్వు అనవసరంగా పెద్దది చేస్తున్నావు' అని కసిరితే, అది పెళ్లి భయం కాదు. మీతో మనసు విప్పే ఉద్దేశం లేదని.

పది రోజులే ఎందుకన్నానంటే మీకున్న లెక్క అది. ఆదివారానికి సుమారు నాలుగు రోజులు, ఆ తర్వాత పది పోతే పెళ్లికి ఇంకా 19 రోజులు ఉంటాయి. ఊళ్లో శుభలేఖలు పంచడం జోరందుకునే సమయం అది. కార్డు ఇంటింటికీ వెళ్లాక వాయిదా అనే మాట నోట్లోంచి రాదు. అంతకుముందు వస్తే హాలు అడ్వాన్సులో కొంత, కార్డుల డబ్బు పోతాయి. మీ అమ్మగారి భయం నేను తీసిపారేయను. మార్గశిరం దాటితే పుష్యం శూన్యమాసం, మాఘం దాకా ముహూర్తాలు చూడరు. వాయిదా పడిన పెళ్లి గురించి ఊరు అమ్మాయి వైపే వేలు చూపిస్తుంది, అదీ నిజమే. కానీ 'పెళ్లయ్యాక సర్దుకుంటాయి' అన్నది ఆవిడ కాలంలో కొన్ని ఇళ్లలో నిజమైంది. ఎవరు ఎంత సర్దుకున్నారో, ఎవరి నిద్ర పోయిందో మాత్రం ఆవిడకే తెలియాలి. ఒక రోజు తీరిగ్గా అడిగి చూడండి, చెప్తుందేమో.

అప్పటికీ తేలకపోతే పెద్దల్లోకి వెళ్లాలి. మధ్యవర్తి దగ్గరికి మాత్రం ముందు వెళ్లకండి. ఆయనకు కావాల్సింది పెళ్లి జరగడం, అందుకని రెండు వైపులా 'అంతా బాగుంది' అనే చెప్తాడు. అన్నయ్యను కూడా పంపకండి, వాళ్లు మాట్లాడితే పది నిమిషాల్లో తగువవుతుంది. మేనమామో బాబాయో, గొంతు పెంచని మనిషి ఒకరుంటారు ప్రతి ఇంట్లో. ఆయన అబ్బాయి తండ్రితో ఒంటరిగా కూర్చుని 'పిల్లలు కాస్త గడువు అడుగుతున్నారు' అనాలి. 'మీ అబ్బాయి' అనకూడదు, 'పిల్లలు' అనాలి. ఆ ఒక్క మాటతో ఇద్దరి పరువూ నిలబడుతుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో చివరి ముందు వాక్యం. 'ఈ మధ్య నాకూ ఏదోలా ఉంది.' అంత పెద్ద ఉత్తరంలో మీ గురించి మీరు రాసుకున్నది ఆ ఒక్కటే, అదీ 'నిజం చెప్పాలంటే' అని మొదలుపెట్టి. నాకు అదే ఎక్కువ ముఖ్యమనిపించింది. 2012లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. లాస్ ఏంజెలిస్‌లో కొత్తగా పెళ్లయిన 232 జంటలను, పెళ్లికి ముందు ఎప్పుడైనా సందేహం కలిగిందా అని అడిగారు. మగవాళ్లలో 47 శాతం, ఆడవాళ్లలో 38 శాతం అవునన్నారు. అంటే మీ అబ్బాయి సందేహం వింతేమీ కాదు. కానీ నాలుగేళ్ల తర్వాత చూస్తే, సందేహం ఉందన్న ఆడవాళ్లలో 19 శాతం మంది విడాకులు తీసుకున్నారు, లేదన్నవాళ్లలో 8 శాతం. మగవాళ్లలో ఆ తేడా చిన్నదే. వాళ్లవి మనలాంటి సంబంధాలు కావు, కాబట్టి ఆ అంకెలు మీ పెళ్లికి జాతకంలా వాడకండి. నాకు అందులో పనికొచ్చింది ఒక్కటే: అందరూ పెళ్లికొడుకు మొహం చూసి సందేహాలు వెతుకుతుంటారు, పెళ్లికూతురి సందేహాన్ని టెన్షన్ అని పేరుపెట్టి వదిలేస్తారు.

మీ 'ఏదోలా' ఎప్పుడు మొదలైంది? అతను మాట తగ్గించాక వచ్చిందైతే, అది అతని మౌనానికి నీడ. అతను తేలికపడితే మీకూ పోతుంది. అంతకుముందే, ఆ గంటల ఫోన్లు వస్తున్న రోజుల్లోనే ఎక్కడో ఒక మూల ఉండి ఉంటే వేరే సంగతి. అతను వాళ్ల చెల్లెలితో మాట్లాడిన తీరు, మీ జీతం గురించి అడిగిన పద్ధతి, ఏదో ఒకటి గుచ్చుకుని ఉండొచ్చు. అతని మౌనం ఇప్పుడు దాన్ని కప్పేసింది, అంతే. అలాంటిది ఉంటే, ఆదివారం అతను మళ్లీ మునుపటిలా నవ్వేసినా అది పోదు.

పార్కులో మీరు ఆ మూడు దారుల ప్రశ్న వేస్తే అతను కాసేపు నడిచి, 'మరి మీరు?' అంటాడు. తప్పకుండా అంటాడు. అందుకని శనివారం రాత్రి ఫోన్ పక్కన పెట్టి, కాగితం మీద ఆ మూడూ రాసుకుని, మీరు దేనికి టిక్ పెడతారో చూసుకోండి.